సగం సారాంశం, సగం విమర్శ: ఈ కొలతతో నాకున్న పేచీ

మా విభాగంలో సెమినార్‌కు వచ్చే కొత్త విద్యార్థులకు ఒక సూచనల కాగితం ఇస్తారు. జర్నల్ వ్యాసం ఒకటి ఎంచుకుని దాని మీద విమర్శాత్మక సారాంశం ఎలా రాయాలో అందులో ఉంటుంది. పనికొచ్చే కాగితమే. అందులో నాకు మింగుడుపడనిది ఒక్క వాక్యం: "సగం వ్యాసంలో ఏముందో చెప్పండి, సగం మీ మూల్యాంకనం రాయండి." విద్యార్థులు మిగతావన్నీ మరిచిపోయినా ఈ వాక్యాన్ని మాత్రం అక్షరాలా పాటిస్తారు. వెయ్యి పదాలు రాయమంటే ఐదు వందలు వర్ణన, నడుమ గీత గీసినట్టు ఒక ఉపశీర్షిక, ఆపైన ఐదు వందలు విమర్శ. మొదటి సగం అబ్‌స్ట్రాక్ట్‌ను సాగదీసినట్టు ఉంటుంది. రెండో సగంలో వ్యాసం పేరు చెరిపేస్తే అది దేని గురించో పోల్చుకోలేం.

ఈ కొలతే తప్పని నా వాదన. వ్యాసంలో ఏం చేశారో, ఏం దొరికిందో, దాన్నిబట్టి ఏం అన్నారో విడివిడిగా, ఖచ్చితంగా చెప్పగలిగితే మూల్యాంకనంలో చాలా భాగం ఆ చెప్పడంలోనే వచ్చేస్తుంది. మిగిలేది కొంచెమే. ఆ కొంచెం ఎవరి మాటో పాఠకుడికి తెలిసేలా చూపించే పని సైటేషన్లది. ఊరికే చెబితే ఇది నీతిబోధలా ఉంటుంది కాబట్టి ఒక వ్యాసాన్ని పట్టుకుని చూద్దాం.

ఈ మధ్య ఒక విద్యార్థిని తెచ్చిన చిత్తుప్రతి ముల్లర్, ఒపెన్‌హైమర్ 2014లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం మీద. తరగతిలో నోట్సు చేత్తో రాసుకోవడం మేలా, ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకోవడం మేలా అన్నది విషయం. చేత్తో రాసినవారికే విషయం బాగా అర్థమైందన్న దాని కబురు పత్రికల ద్వారా ఎంత దూరం పాకిందంటే, వ్యాసం చదవనివారు కూడా దాన్ని ఉదహరిస్తారు. అందుకే ఇలాంటి అభ్యాసానికి అది మంచి సరుకు. చదివినవారికీ, విన్నవారికీ మధ్య తేడా వెంటనే బయటపడుతుంది.

అబ్‌స్ట్రాక్ట్ ఒక మాట, వ్యాసం మూడు మాటలు

ఆమె చిత్తుప్రతిలో వర్ణన ఇలా మొదలైంది: "మూడు ప్రయోగాల్లోనూ ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకున్న విద్యార్థులు భావన సంబంధమైన ప్రశ్నల్లో వెనకబడ్డారని రచయితలు నిరూపించారు." ఇందులో అబద్ధం లేదు. అబ్‌స్ట్రాక్ట్‌లో దాదాపు ఇదే ఉంది. కాకపోతే అబ్‌స్ట్రాక్ట్ అనేది రచయితలు తమ పనిని పరిచయం చేసుకునే చోటు. అక్కడ మూడు ప్రయోగాలు ఒకే వాక్యంలో ఒదిగిపోతాయి. వ్యాసం లోపలికి వెళితే ఆ మూడూ ఒకేలా లేవు.

మొదటి ప్రయోగంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 67 మంది. పావుగంటకు కాస్త మించిన టెడ్ ప్రసంగం వీడియో చూస్తూ నోట్సు రాసుకున్నారు. తర్వాత ఓ అరగంట వేరే పనులు చేయించి, ప్రసంగం మీద ప్రశ్నలు అడిగారు. వివరాలు గుర్తున్నాయా అని అడిగిన ప్రశ్నల్లో రెండు బృందాలకూ తేడా లేదు. విషయాన్ని అన్వయించాల్సిన ప్రశ్నల్లో మాత్రం ల్యాప్‌టాప్ బృందం వెనకబడింది. టైపు చేసినవారు ఎక్కువ పదాలు రాశారు, వక్త మాటల్ని ఉన్నవున్నట్టు దింపుకోవడం కూడా వారిలోనే ఎక్కువ. ఇక్కడి నుంచే రచయితల వివరణ పుట్టింది: విన్నది విన్నట్టు దింపుకుంటే బుర్ర పని చేయదు, సొంత మాటల్లో రాసుకుంటే చేస్తుంది.

రెండో ప్రయోగం లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, 151 మందితో. ఇక్కడ మూడో బృందం ఒకటి చేర్చారు. వారికీ ల్యాప్‌టాపే, దానికి తోడు ముందుగా ఒక హెచ్చరిక: వక్త మాటల్ని అలాగే ఎక్కించుకోకండి, మీ మాటల్లో రాసుకోండి అని. హెచ్చరిక పని చేయలేదు. దింపుకోవడం తగ్గలేదు. అన్వయ ప్రశ్నల్లో ఈ బృందం మార్కులు మిగతా రెండింటికీ మధ్యలో ఉండి, ఏ ఒక్కదానితోనూ గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా చూపలేదు.

మూడోది కూడా అక్కడే, 109 మందితో. పరీక్ష వారం తర్వాత పెట్టారు. సగం మందికి పరీక్షకు ముందు పది నిమిషాలు తమ నోట్సు చూసుకోనిచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. అన్ని రకాల ప్రశ్నలూ కలిపి చూస్తే, నోట్సు దేనితో రాశారన్నది ఒక్కటే తేడా తేలేదు. చేత్తో రాసి, మళ్లీ చదువుకునే అవకాశం కూడా దొరికినవారు మాత్రం మిగతా అందరికంటే ముందున్నారు.

ఈ మూడు పేరాల్లో నేను ఎవరినీ తప్పుబట్టలేదు. "కానీ", "అయితే", "లోపం ఏమిటంటే" అన్న మాట ఒక్కటీ వాడలేదు. అయినా చదివినవారికి "మూడు ప్రయోగాల్లోనూ నిరూపించారు" అన్న వాక్యం ఇప్పుడు కాస్త వదులుగా కనిపిస్తుంది. మూడో ప్రయోగంలో చేతిరాత లాభం ఒక షరతు మీద నిలబడిందని పాఠకుడే గమనిస్తాడు. వర్ణన ఖచ్చితంగా ఉంటే సగం విమర్శ అందులోనే ఉందనడం ఇందుకే. చిత్తుప్రతిలో "నిరూపించారు" అన్న క్రియ తీసేసి, ఒక్కో ప్రయోగానికి ఒక్కో వాక్యం ఇచ్చి ఉంటే ఆమె మూల్యాంకనం మొదటి పేజీలోనే మొదలయ్యేది.

అందుకే రచయితల మాటను ఏ క్రియతో ముగిస్తున్నామన్నది నేను మొట్టమొదట చూస్తాను. "కనుగొన్నారు" అంటే ఆ ఫలితాన్ని నేనూ ఒప్పుకుంటున్నానని. "అభిప్రాయపడ్డారు" అంటే ఆధారం అంత గట్టిది కాదని. "వాదించారు" అంటే మరో వాదన కూడా ఉండొచ్చని. ఒక పేరాలో ఈ మూడూ అటూ ఇటూ దొర్లిపోతే రాసినవారు ఇంకా ఒక అభిప్రాయానికి రాలేదని అర్థం. ఈ వ్యాసం విషయంలోనే చూడండి. టైపు చేసినవారు ఎక్కువ పదాలు రాశారన్నది కనుగొన్న సంగతి, లెక్కపెట్టారు కాబట్టి. దింపుకోవడం వల్లే అర్థం కాలేదన్నది వాదన.

ఏ వ్యాసానికైనా అతికే విమర్శ

ఇక చిత్తుప్రతి రెండో సగం. అందులో మూడు లోపాలు చూపించింది. నమూనా చిన్నది. ఒకే విశ్వవిద్యాలయం వాళ్లు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లి ఉండొచ్చు. చివర్లో, మనందరికీ కంఠతా వచ్చిన వాక్యం: ఈ అంశం మీద ఇంకా పరిశోధన జరగాల్సి ఉంది.

మూడింటిలో రెండు పచ్చి పొరపాట్లు. రెండో ప్రయోగం, మూడో ప్రయోగం వేరే విశ్వవిద్యాలయంలో జరిగాయి. ప్రయోగంలో వాడిన ల్యాప్‌టాప్‌లకు ఇంటర్నెట్ లేదు. ఆ సంగతి పద్ధతుల భాగంలో రాసి ఉంది. పైగా రచయితల ఉద్దేశమే అది. ల్యాప్‌టాప్ వల్ల దృష్టి మళ్లుతుందని అప్పటికే అందరూ అంటున్నారు, దృష్టి మళ్లే దారి మూసేసి కేవలం నోట్సుకే వాడినా నష్టం ఉంటుందా అన్నది వారి ప్రశ్న. వ్యాసం దేనికి పుట్టిందో దాన్నే లోపంగా చూపితే, పద్ధతుల భాగం చదవలేదని మనమే చాటుకున్నట్టు.

"ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

"ల్యాప్‌టాప్ అంటే అందరికీ తట్టేది అదే కదా మేడమ్," అంది.

నిజమే, అందరికీ తట్టేదే. అందరికీ తట్టేది రచయితలకూ, సంపాదకుడికీ, వ్యాసాన్ని పరిశీలించిన సమీక్షకులకూ తట్టి ఉంటుంది. అందుకని మనకు మొదట తట్టిన అభ్యంతరాన్ని విమర్శగా రాయకుండా ప్రశ్నగా పెట్టుకుని, జవాబు కోసం వ్యాసంలో వెతకాలి. చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే అది వర్ణనలోకి వెళుతుంది: "దృష్టి మళ్లకుండా ఇంటర్నెట్ తీసేశారు" అని. దొరకకపోతేనే విమర్శ.

నమూనా చిన్నదన్న మాట సంగతి వేరు. అది తప్పు కాదు, ఖాళీ. 67 చిన్న సంఖ్యా? దేనికి చిన్నది? అక్కడికి వెళ్లకపోతే ఆ వాక్యానికి బరువు లేదు. వెళితే ఇలా ఉంటుంది: 67 మందిని రెండుగా విడదీస్తే బృందానికి సుమారు 33 మంది చొప్పున ఉంటారు. అంతమందితో, సాధారణంగా వాడే ప్రమాణాల ప్రకారం, ఉన్న తేడాను నూటికి ఎనభై పాళ్లు పట్టుకోగలమన్న భరోసా దొరకాలంటే రెండు బృందాల మధ్య తేడా ప్రామాణిక విచలనంలో 0.7 వంతు దాకా ఉండాలి. అది పెద్ద తేడా. నోట్సు దేనితో రాశామన్న ఒక్క సంగతి అంత పెద్ద తేడా తెస్తుందా అన్నది అడగదగిన ప్రశ్న. తేడా నిజానికి చిన్నదైతే ఇంత చిన్న బృందాల్లో అది కనిపించడమూ, కనిపించకపోవడమూ సగం అదృష్టం, కనిపించినప్పుడు ఉన్నదానికంటే పెద్దగా కనిపించే అవకాశం ఉంది. ఇంత చెప్పాక న్యాయంగా మరొకటి చేర్చాలి: రచయితలు ఒక ప్రయోగంతో ఆగలేదు, తర్వాతి వాటిలో ఎక్కువ మందిని తీసుకున్నారు. ఇప్పుడు ఆ విమర్శకు ఒక ఆకారం వచ్చింది. ఎంత గట్టిదో, ఎక్కడ ఆగుతుందో పాఠకుడికి తెలుస్తుంది.

నా దగ్గర ఒక మోటు పరీక్ష ఉంది. మీ విమర్శ వాక్యాన్ని తీసి వేరే వ్యాసం మీద రాసిన సారాంశంలో పెట్టండి. ఒక్క మాట మార్చకుండా అక్కడా సరిపోతే కొట్టేయండి. "ఇంకా పరిశోధన జరగాలి" ఆ పరీక్షలో ఎప్పుడూ ఓడిపోతుంది.

మరి ఈ వ్యాసానికే అతికే విమర్శ ఏది? నా దృష్టిలో ఒకటి చాలు. అబ్‌స్ట్రాక్ట్‌లో రచయితలు, దింపుకునే అలవాటు నేర్చుకోవడానికి చేటు చేస్తుందని కారణం చెప్పారు (ముల్లర్, ఒపెన్‌హైమర్, 2014, పు. 1159). కానీ ప్రయోగంలో వారు లాటరీ వేసి పంచింది కలాన్నీ, ల్యాప్‌టాప్‌నూ. దింపుకోవడాన్ని కాదు. ఎవరు ఎంత దింపుకున్నారన్నది ఆ మనుషులు తమంతట తాము చేసిన పని. ఎక్కువ దింపుకున్నవారికి మార్కులు తగ్గాయంటే దింపుకోవడమే కారణం కావచ్చు, లేదా విషయం అర్థం కానివారే దింపుకోవడానికి దిగి ఉండవచ్చు. రెండింటిలో ఏదో తేలాలంటే దింపుకోవడాన్ని ప్రయోగం చేసేవారే పెంచి, తగ్గించి చూడాలి. రెండో ప్రయోగంలో హెచ్చరిక ఇచ్చింది సరిగ్గా అందుకు పనికొచ్చేదే. కానీ హెచ్చరిక విన్నవారు కూడా అంతే దింపుకున్నారు. అంటే కారణాన్ని కదిపి చూసే ఒక్క అవకాశం కదలికే లేకుండా ముగిసింది. రచయితలు దీన్ని, దింపుకునే అలవాటు చెప్పినా పోనంత గట్టిదని చదివారు. అదీ ఒక అర్థమే. కారణం పరీక్షకు నిలవకుండానే మిగిలిపోయిందన్నది మరో అర్థం.

ఈ విమర్శ మరో వ్యాసంలో అతకదు. పైగా దీనికి కావలసిన ముడిసరుకంతా వర్ణనలోనే ఉంది. హెచ్చరిక బృందం గురించి ఒక వాక్యం వర్ణనలో రాయకపోతే విమర్శ కాళ్లు విరిగినట్టే. ఆమె చిత్తుప్రతిలో ఆ బృందం ప్రస్తావనే లేదు. అబ్‌స్ట్రాక్ట్‌లో లేదు కాబట్టి.

ఈ వాక్యం ఎవరిది?

వర్ణనా, మూల్యాంకనమూ ఇలా కలిసి నడిస్తే పాఠకుడు తికమకపడడా? పడతాడు, సైటేషన్లు సరిగ్గా లేకపోతే. చాలామంది విద్యార్థులు సైటేషన్‌ను దొంగతనం కేసు తప్పించుకోవడానికి పెట్టే రశీదులా చూస్తారు. పేరా చివర బ్రాకెట్లో పేర్లూ సంవత్సరమూ పడేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ పేరాలో ఎనిమిది వాక్యాలుంటే వాటిలో ఐదు రచయితలవి, మూడు రాసినవారివి. చివరి బ్రాకెట్ ఎనిమిదింటినీ రచయితల ఖాతాలో వేసేస్తుంది.

చిత్తుప్రతిలోని ఒక భాగం చూపిస్తాను. "ల్యాప్‌టాప్ వాడినవారు ఎక్కువ నోట్సు రాసుకున్నారు. ఎక్కువ నోట్సు మంచిదే. కానీ వాళ్లు ఆలోచించకుండా టైపు చేశారు. దీనివల్ల లోతైన అవగాహన కలగదు (ముల్లర్, ఒపెన్‌హైమర్, 2014)." మొదటి వాక్యం ఫలితం. రెండోది కూడా రచయితలు చెప్పినదే: ఎక్కువ నోట్సు మేలు చేయగలదనీ, దింపుకోవడం ఆ మేలును మింగేస్తుందనీ వారి లెక్క. మూడోది ఎవరిది? "ఆలోచించకుండా" అని రచయితలు కొలవలేదు. వాళ్లు కొలిచింది నోట్సుకూ ప్రసంగానికీ మధ్య ఎన్ని పదాల వరుసలు ఒకేలా ఉన్నాయన్నది. నాలుగోది వారి వివరణ, అది కూడా "కావచ్చు" అన్న జాగ్రత్తతో. అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఒక వాక్యంలో ల్యాప్‌టాప్‌లు నేర్చుకోవడాన్ని దెబ్బతీస్తూ ఉండవచ్చని మెల్లగా అని, తర్వాత దింపుకోవడం చేటే అని గట్టిగా అన్నారు. ఆ రెండు స్వరాల తేడాను పట్టుకుంటే అది మంచి మూల్యాంకనం. చిత్తుప్రతి రెండింటినీ కలిపి ఒకే గట్టి స్వరం చేసేసింది.

తిరగరాయమంటే ఇలా వచ్చింది: "ముల్లర్, ఒపెన్‌హైమర్ (2014) లెక్కల్లో ల్యాప్‌టాప్ బృందం ఎక్కువ పదాలు రాసింది, ఆ పదాల్లో వక్త మాటలతో యథాతథంగా కలిసేవి కూడా ఎక్కువే. ఎక్కువ రాయడం వల్ల వచ్చే మేలును ఈ యథాతథ నకలు రద్దు చేస్తోందని వారి వివరణ. నకలును వారు మానసిక శ్రమ లేకపోవడానికి గుర్తుగా తీసుకున్నారు. ఆ శ్రమను నేరుగా కొలవలేదు." చివరి వాక్యం విద్యార్థినిదని చెప్పక్కర్లేదు. దాని ముందు "వారి", "వారు" అన్న కాపలా ఉంది, దాని తర్వాత బ్రాకెట్ లేదు.

ఏపీఏ శైలి ప్రకారం ఒకే మూలం నుంచి వరుసగా సొంత మాటల్లో చెబుతున్నప్పుడు మొదటి వాక్యంలో మూలం చూపితే చాలు, మాట ఎవరిదో స్పష్టంగా ఉన్నంతసేపూ ప్రతి వాక్యానికీ మళ్లీ అక్కర్లేదు. ఉన్నవున్నట్టు ఎత్తి రాస్తే మాత్రం పేజీ సంఖ్య తప్పనిసరి. విమర్శాత్మక సారాంశంలో "స్పష్టంగా ఉన్నంతసేపూ" అన్న షరతు తరచూ తెగిపోతుంది. మధ్యలో మన వాక్యం ఒకటి దూరగానే ఆ స్పష్టత పోతుంది. మళ్లీ రచయితల దగ్గరికి వెళ్లేటప్పుడు మళ్లీ వారి పేరు చెప్పాలి. నేనైతే సొంత మాటల్లో చెప్పినప్పుడు కూడా పేజీ సంఖ్య పెట్టమంటాను. సెమినార్‌లో ఎదుటివారు "అది ఎక్కడుంది?" అని అడిగితే పదిమంది కళ్ల ముందు పేజీలు తిరగేయడం ఎవరికీ సరదా కాదు.

ఇంకో చోట కూడా జారిపోతారు. నోట్సుకు రెండు ప్రయోజనాలున్నాయి: రాసుకునేటప్పుడే బుర్రకెక్కడం, తర్వాత చూసుకోవడానికి దాచిపెట్టుకోవడం. ఈ విభజన ముల్లర్, ఒపెన్‌హైమర్‌ల సొంతం కాదు. డివెస్టా, గ్రే 1972లో రాసిన దాన్ని వారు ఉదహరించారు. 1972 వ్యాసం చదివితే దాన్నే చూపవచ్చు. చదవకపోతే 2014 వ్యాసం ద్వారా తెలిసిందని చెప్పాలి. ఈ భేదం ఎందుకంటే, ఎదుటివారి మాటను రచయితలు ఎలా వాడుకున్నారన్నది కూడా మనం తూచాల్సిన విషయమే. రచయితల చేతుల మీదుగా వచ్చిందాన్ని నేరుగా చదివినట్టు రాస్తే ఆ అవకాశాన్ని మనమే మూసేసుకున్నాం.

అన్నిటికంటే పెద్ద జారుడు, రచయితలు తామే ఒప్పుకున్న పరిమితుల్ని మన విమర్శగా చెప్పుకోవడం. చర్చ భాగంలో వారు ఒక పరిమితి రాస్తారు, విద్యార్థి దాన్ని తెచ్చి "ఈ వ్యాసంలోని లోపం" అంటాడు. అది మూల్యాంకనం కాదు, మూలం చూపని వర్ణన. "రచయితలే గుర్తించినట్టు" అని మొదలుపెట్టి, వారు దాన్ని తేలిగ్గా తీసుకున్నారో, తగినంత బరువిచ్చారో చెప్పినప్పుడే అందులో మన వంతు ఉంటుంది.

అవతలి వాదన

ఇదంతా నా సహోద్యోగి ఒకరికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాట కొట్టిపారేయదగినది కాదు. "మీరు చెప్పేది రాయడం వచ్చినవారికి. మొదటిసారి రాసేవారికి వర్ణనలో మూల్యాంకనం కలపమంటే వర్ణనను వంకర చేస్తారు. తమకు నచ్చని వ్యాసాన్ని మొదటి వాక్యం నుంచే ఎగతాళిగా చెబుతారు. ముందు నిష్పక్షపాతంగా సారాంశం రాయించి, తర్వాత విడిగా అభిప్రాయం రాయిస్తే కనీసం మొదటి సగమైనా నమ్మదగినదిగా ఉంటుంది," అన్నారు.

ఎగతాళి ప్రమాదం నిజంగానే ఉంది. "రచయితలు కేవలం 67 మందితోనే" అన్న వాక్యంలో "కేవలం", "నే" రెండూ వాదనను దొంగచాటుగా దూర్చే మాటలు. వర్ణనలో అలాంటివి ఉండకూడదు. వర్ణన భాగాన్ని రచయితలకే చూపిస్తే "అవును, మేం చేసింది ఇదే" అనాలి. ఆ మేరకు ఆయనతో నాకు తగాదా లేదు. మూడు ప్రయోగాల మీద నేను పైన రాసిన పేరాలకు ఆ రచయితలు అభ్యంతరం చెప్పరనే అనుకుంటున్నాను.

నాకు ఒప్పుదల కానిది, విడిగా రాసినంత మాత్రాన మొదటి సగం నిష్పక్షపాతమవుతుందన్న నమ్మకం. అబ్‌స్ట్రాక్ట్‌ను అనుసరించిన సారాంశం కూడా పక్షపాతమే, రచయితల వైపు. ఏ ప్రయోగానికి ఎన్ని వాక్యాలు ఇవ్వాలి, ఏ బృందాన్ని వదిలేయాలి, ఏ క్రియ వాడాలి అన్నవన్నీ తీర్పులే. ఆ తీర్పుల్ని చూసుకోకుండా చేయడం కంటే చూసుకుని చేయడం మేలు కదా. ఆయన కాసేపు ఆలోచించి, "మొదటి చిత్తుప్రతికి సగం సగం, రెండోదానికి మీ పద్ధతి" అన్నారు. రెండో చిత్తుప్రతి దాకా ఎందరు వస్తారన్నది నా అనుమానం. చాలామందికి మొదటిదే చివరిది.

కొత్తవారికి ఏదో ఒక కొలత కావాలన్నదీ నిజమే. ఒక మెట్టు దిగి చెప్పమంటే ఇలా అంటాను: వర్ణన పేజీ రాశాక, మీ ముఖ్యమైన విమర్శకు ఏ వివరాలు కావాలో అందులో వెతికి గీత గీయండి. గీత పడని వివరాలు ఎక్కువుంటే తగ్గించండి. విమర్శకు కావలసిన వివరం కనిపించకపోతే చేర్చండి. టెడ్ ప్రసంగాల పేర్లు ఏమిటన్నది మన విమర్శకు అక్కర్లేదు, పోనివ్వండి. హెచ్చరిక బృందం కావాలి, ఉండాలి. ఇలా చేస్తే నిష్పత్తి దానంతట అది తేలుతుంది. ఈ వ్యాసానికి నా లెక్కలో మూడింట రెండు వంతులు వర్ణనే వస్తుంది. కొలతల్లేని సిద్ధాంత వ్యాసానికైతే తిరగబడవచ్చు.

తర్వాత వచ్చిన అధ్యయనం

నాకే పూర్తిగా తేలని సంగతి మరొకటి ఉంది. 2014 వ్యాసాన్ని ఇవాళ మూల్యాంకనం చేసేవారు తర్వాత వచ్చినదాన్ని ఎంతవరకు వాడుకోవాలి? ఉర్రీ, ఆమె సహరచయితలు 2021లో అదే పత్రికలో ఆ మొదటి ప్రయోగాన్ని 142 మందితో మళ్లీ చేసి ప్రచురించారు. టైపు చేసినవారు ఎక్కువ పదాలు రాశారు, ఎక్కువ దింపుకున్నారు. అంతవరకు పాత ఫలితమే. ప్రశ్నల దగ్గర మాత్రం చేతిరాత బృందానికి ఆధిక్యం కనిపించలేదు.

విద్యార్థిని ఇది తెలుసుకోగానే విమర్శ మొత్తం కొట్టేసి ఒకే వాక్యం రాసుకొచ్చింది: "ఈ ఫలితం తప్పని 2021లో రుజువైంది." రెండు చోట్ల తొందరపాటు. తేడా కనిపించలేదంటే తేడా లేదని రుజువైనట్టు కాదు. ఇక, ఫలితం మళ్లీ రాలేదన్నది వేరు, 2014లో రచయితలు పని సరిగా చేయలేదన్నది వేరు. మూల్యాంకనం అడిగేది రెండోదాన్ని: వారి చేతిలో ఉన్న ఆధారంతో వారు అన్నంత మాట అనవచ్చా? దానికి జవాబు 2014 వ్యాసంలోనే దొరకాలి. ముందు అక్కడ వెతక్కుండా 2021ని తెచ్చి పడేస్తే అది మన చదువు కాదు, ఉర్రీ బృందం చదువు.

మరో చిన్న జాగ్రత్త: 2014 వ్యాసానికి 2018లో అదే పత్రిక సవరణ ప్రచురించింది. గణాంకాల్లోంచి ఏదైనా ఒక అంకె ఎత్తి రాసేటప్పుడు అది అసలు వ్యాసంలోదో, సవరణలోదో చూసుకుని ఆ మూలాన్నే చూపాలి.

అలాగని 2021ని దాచిపెట్టనూ లేం. సెమినార్‌లో ఎవరో ఒకరు చదివే ఉంటారు. నేను చెప్పిన మార్గం ఇది: ముందుగా హెచ్చరిక బృందం ఆధారంగా, దింపుకోవడమే కారణమన్న మాట పరీక్షకు నిలవలేదన్న విమర్శను 2014 వ్యాసం మీదే నిలబెట్టు. ఆ తర్వాత ఒక్క పేరాలో ఉర్రీ, సహరచయితలు (2021) దగ్గరికి వెళ్లు. అక్కడ దింపుకోవడం మళ్లీ కనిపించింది, మార్కుల తేడా కనిపించలేదు. అంటే ఆ రెండింటినీ కలిపే ముడి దగ్గరే అనుమానం, సరిగ్గా నువ్వు వేలు పెట్టిన చోటే. ఇప్పుడు ఆ కొత్త అధ్యయనం నీ విమర్శకు తోడుగా వస్తుంది, దాని స్థానంలో కూర్చోదు.

"మరి 2021 వాళ్ల ప్రశ్నలు తేలికైనవి అయ్యుంటే?" అని అడిగింది. ఆ ప్రశ్నను చివరి పేరాలో అలాగే రాయమన్నాను. మళ్లీ చేసిన ప్రయోగంలో ప్రశ్నలు, వాటికి మార్కులు వేసిన పద్ధతి పాతదానితో ఎంత కలుస్తాయో పద్ధతుల భాగంలో చూసుకుని వస్తానని ఆ వ్యాసం పట్టుకుని వెళ్లింది.